చేస్తానన్న ఫోన్ చేయనప్పుడు: క్షమాపణ సందేశ రచన

ఖాతాదారునికి ఫలానా వేళకు ఫోన్ చేస్తానని మాట ఇచ్చి, ఆ వేళ దాటిపోయిన తరువాత రాయవలసిన చిన్న సందేశమే ఈ పాఠానికి విషయం. ఈ నగరంలో వడ్రంగం, విద్యుత్ పని, కుట్టుపని, లెక్కల పని చేస్తూ స్వతంత్రంగా బతుకుతున్న తెలుగువారికి ఇటువంటి సందేశం రాయవలసిన అవసరం తరచు కలుగుతుంది. అది పది వాక్యాలకు మించదు. అయినా ఆ కొద్ది వాక్యాలలో ఏ క్రియను వాడాము, వేళను ఎలా రాశాము, ఏ పని చేస్తామన్నాము అనే మూడు విషయాలను బట్టి అవతలివారు మనకు పని ఉంచడమో మానడమో నిశ్చయించుకుంటారు. ఒక్క ఉదాహరణను తీసుకొని, దాన్ని మొదటి ముసాయిదా నుంచి తుది రూపం దాకా పరిశీలిద్దాం.

1. సందర్భం

బెంగళూరులో ఒక వడ్రంగి కాంట్రాక్టరు ఒక ఇంట్లో వంటగది అలమరల పని ఒప్పుకున్నాడనుకుందాం. ఇంటి యజమానురాలు ఉద్యోగిని. గురువారం ఉదయం ప్లైవుడ్ కోత మొదలుకావాలి. అంతకుముందు తేలవలసిన విషయం ఒకటుంది: వంటగట్టు ఎత్తు పైన పరిచే రాయితో కలిపి 32 అంగుళాలు ఉండాలా, 34 అంగుళాలు ఉండాలా? ఆమె కొంచెం పొట్టి. ఇంట్లో వంట చేసే మరొకరు పొడగరి. ఒకసారి 32కు సరిపడేలా కోసిన చెక్కను మళ్లీ పొడిగించడం సాధ్యం కాదు. అందుకని మంగళవారం ఉదయం 11 గంటలకు ఫోన్‌లో మాట్లాడుకొని ఎత్తు ఖాయం చేద్దామని ఇద్దరూ అనుకున్నారు. ఆ ఫోన్ కోసం ఆమె ఆఫీసుకు ఆలస్యంగా వస్తానని చెప్పి ఇంట్లోనే ఆగింది.

ఆ ఉదయం కాంట్రాక్టరు మరో భవనంలో నేలమాళిగలో కొలతలు తీసుకుంటున్నాడు. అక్కడ ఫోన్‌కు సిగ్నల్ లేదు. పైకి వచ్చేసరికి 12.15 అయింది. ఆమె 11.10కి, 11.25కి రెండుసార్లు ఫోన్ చేసినట్లు తెర మీద కనిపించింది. ఇప్పటికి ఆమె ఆఫీసులో ఉంటుంది. పనివేళలో మళ్లీ మళ్లీ ఫోన్ మోగించడం ఆమెను మరింత ఇబ్బంది పెడుతుంది. మాటలు రికార్డు చేసి పంపితే నలుగురి మధ్య కూర్చొని వినడం కష్టం. కనుక రాతపూర్వకమైన సందేశమే ఇక్కడ తగిన మార్గం.

2. మొదటి ముసాయిదా

తొందరలో చాలామంది రాసే సందేశం దాదాపు ఇలా ఉంటుంది:

*“నమస్కారం మేడమ్. ఈ రోజు కాల్ చేయడం కుదరలేదు. వేరే సైట్‌లో చాలా బిజీగా ఉండడం జరిగింది. అక్కడ సిగ్నల్ కూడా లేదు. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు చెప్పండి, మాట్లాడదాం. ఏమీ అనుకోకండి.”*

ఇందులో మర్యాద తప్పిన మాట ఒక్కటీ లేదు, వ్యాకరణ దోషం కూడా లేదు. అయినా చదివిన ఆమెకు కోపం తగ్గదు. ఎందుకు తగ్గదో ఒక్కొక్క వాక్యాన్ని విప్పి చూస్తే తెలుస్తుంది.

3. వాక్యంలో కర్త ఎక్కడ?

చేయని పనిని చెప్పడానికి తెలుగులో అనేక మార్గాలున్నాయి. ఒకే విషయాన్ని చెప్పే ఈ ఐదు వాక్యాలను వరుసగా చదవండి:

ఫోన్ చేయబడలేదు.
ఫోన్ చేయడం జరగలేదు.
నాకు ఫోన్ చేయడం కుదరలేదు.
నేను ఫోన్ చేయలేకపోయాను.
నేను ఫోన్ చేయలేదు.

మొదటిది కర్మణి ప్రయోగం; చేయవలసినవాడు అందులో కనిపించడు. రెండవది పత్రికల వల్ల, ప్రసంగాల వల్ల వ్యాపించిన వాడుక. అందులో ‘చేయడం’ అనే పనే కర్త స్థానంలో కూర్చుంటుంది, మనిషి తప్పుకుంటాడు. మూడవ వాక్యంలో మనిషి ఉన్నాడు కాని ‘నాకు’ అనే రూపంలో ఉన్నాడు. నాకు ఆకలి వేసింది, నాకు జలుబు చేసింది అనేటప్పుడు మనం వాడే రూపం అదే. అవి మనం చేసే పనులు కావు, మనకు వచ్చిపడేవి. ‘నాకు కుదరలేదు’ అనగానే చేయని ఫోన్ కూడా జలుబులాగా ఎక్కడినుంచో వచ్చిపడిన సంగతి అవుతుంది.

నాలుగవ వాక్యం కొంత నిజాయితీ గలది. ఇందులో కర్త ‘నేను’. అయితే ‘లేకపోయాను’ అన్న క్రియ శక్తి చాలలేదని చెబుతుంది. ఆస్పత్రిలో ఉన్నవారు, ప్రయాణంలో చిక్కుకున్నవారు అలా రాస్తే అది యథార్థం. మన కాంట్రాక్టరు సంగతి అటువంటిది కాదు. నేలమాళిగలోకి దిగేముందు 11 గంటల మాట గుర్తుచేసుకొని, పైనే ఆగి ఫోన్ చేయడం అతని చేతిలో ఉన్న పని. కనుక అతనికి తగినది ఐదవ వాక్యం: ‘నేను ఫోన్ చేయలేదు.’ వినడానికి కాస్త కరుకుగా ఉన్నా, ఆమె రెండుసార్లు ఫోన్ చేసి స్వయంగా తెలుసుకున్న విషయం అదే. ఆమెకు తెలిసినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పినవాడి తరువాతి మాటను ఆమె నమ్ముతుంది.

ఇక్కడే మరొక తేడాను గమనించాలి. ‘మీ కాల్ మిస్సయ్యాను’ అని కొందరు రాస్తారు. అవతలివారు చేసిన ఫోన్‌ను మనం ఎత్తకపోయినప్పుడు ఆ మాట సరిపోతుంది. మనం చేయవలసిన ఫోన్‌ను మనం చేయనప్పుడు అది తప్పును ఆమె వైపు నెట్టినట్టవుతుంది. పైగా మన వాడుకలో ‘మిస్డ్ కాల్’ అంటే కావాలని ఒకసారి మోగించి కోయడం అనే అర్థం కూడా ఉంది. ‘11 గంటలకు ఫోన్ చేస్తానని చెప్పి చేయలేదు’ అంటే ఏ ఫోన్, ఎవరు చేయవలసినది అన్న రెండూ స్పష్టమవుతాయి.

4. క్షమాపణ పదాలు

‘అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అన్న వాక్యం రైల్వే స్టేషన్ ప్రకటనల ద్వారా మనందరి చెవులకూ పరిచితం. చింతించడమంటే విచారపడటం. ఎవరి వల్ల జరిగిందో చెప్పకుండానే విచారపడవచ్చు. బండి ఆలస్యానికి అలా అనడం సహజం, ఎందుకంటే అక్కడ మాట్లాడేది ఒక సంస్థ, వినేది వేలమంది. ఒక మనిషి మరొక మనిషికి ఇచ్చిన మాట విషయంలో ఆ వాక్యం, అందులోని ‘ము’ అనే బహువచనం, రెండూ అతనిని ఒక గుంపు వెనుక దాచుతాయి. ఒక్కడే మాట ఇచ్చినప్పుడు ‘నేను’ అనే రాయాలి.

‘ఏమీ అనుకోకండి’ అన్నది స్నేహితుల మధ్య, బంధువుల మధ్య మృదువైన మాట. ఖాతాదారుతో అన్నప్పుడు మాత్రం, ఆమె ఏమి అనుకోవాలో మనమే చెప్పినట్టు ధ్వనిస్తుంది. ‘క్షమించండి’, ‘మన్నించండి’ రెండూ తగినవే. మన్నించడం అన్న మాటలో గౌరవించడం అనే అర్థం కూడా ఉంది, మన్నన దాని నుంచి వచ్చినదే. అందువల్ల పెద్దవారికి రాసేటప్పుడు అది ఇంపుగా ఉంటుంది. ఏ పదమైనా సందేశంలో ఒక్కసారి చాలు. మూడుసార్లు క్షమించమంటే, పరవాలేదని మూడుసార్లు ఓదార్చవలసిన భారం ఆమెపై పడుతుంది.

‘తప్పు’, ‘పొరపాటు’ అన్న పదాలలో పొరపాటు అంటే ఉద్దేశం లేకుండా జరిగినది. వేళను మరచి ఫోన్ చేయకపోవడం పొరపాటే కనుక ఆ మాట ఇక్కడ సరిపోతుంది. అయితే ‘పొరపాటు జరిగింది’ అని రాస్తే మళ్లీ పాత చిక్కే, అందులో కర్త మాయమవుతాడు. ‘నాదే పొరపాటు’ అన్నప్పుడు ‘నాదే’ చివరనున్న ‘ఏ’ అనే చిన్న ప్రత్యయం చేయవలసిన పనంతా చేస్తుంది.

5. కారణం ఎంత చెప్పాలి?

ముసాయిదాలో కారణాలు రెండున్నాయి: తీరిక లేకపోవడం, సిగ్నల్ లేకపోవడం. మొదటిది చదివిన ఖాతాదారు వేరే ఇంటి పని తన పనికంటె ముఖ్యమైందని అర్థం చేసుకుంటుంది. అది ఎంత నిజమైనా రాయకూడని కారణం. రెండవది నిజమైన కారణమే, కాని దానివల్ల ఆమె చేయవలసింది ఏమీ లేదు.

కారణం రాయవలసిన సందర్భం ఒకటే: అది మళ్లీ ఎదురయ్యే అవకాశం ఉండి, మనం దానికి ఏదైనా ఏర్పాటు చేసినప్పుడు. ఉదాహరణకు ఆ వారమంతా అతను నేలమాళిగలోనే పనిచేయవలసి ఉంటే, ‘ఈ వారం పగటి వేళ నాకు సిగ్నల్ ఉండదు, అందుకని సాయంత్రం 6 తరువాతే ఫోన్ చేస్తాను’ అని రాయడం ఆమెకు ఉపయోగం. లేనప్పుడు కారణాన్ని వదిలివేయడమే మేలు. ఆమె అడిగితే ఫోన్‌లో చెప్పవచ్చు.

రాసినా, కారణం క్షమాపణకు ముందు రాకూడదు. ‘కానీ’ అన్న మాటతో దానికి అతకకూడదు. ‘క్షమించండి, కానీ అక్కడ సిగ్నల్ లేదు’ అన్న వాక్యంలో ‘కానీ’ తన ముందున్న మాటను కొట్టివేస్తుంది.

6. దిద్దుబాటు: రాయకముందే చేయవలసిన పని

ముసాయిదాలో అన్నిటికంటె పెద్ద లోపం ఈ వాక్యంలో ఉంది: ‘మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు చెప్పండి.’ ఇది వినయంగా కనిపిస్తుంది. నిజానికి ఒక వేళ వెతకడం, దాన్ని రాసి పంపడం, జవాబు కోసం చూడటం అనే మూడు పనులను ఇది ఆమెకు అప్పగిస్తుంది. మాట తప్పింది అతను, పని పెరిగింది ఆమెకు.

‘మళ్లీ ఫోన్ చేస్తాను’ అని మాత్రమే రాసినా చాలదు. తెలుగులో ‘చేస్తాను’ అన్న రూపం భవిష్యత్తునూ చెబుతుంది, అలవాటునూ చెబుతుంది. ‘రోజూ నడక చేస్తాను’ అన్నా అదే క్రియ, ‘రేపు చేస్తాను’ అన్నా అదే. దినమూ వేళా పక్కన చేరితే తప్ప ఆ క్రియకు మాట ఇచ్చే బలం రాదు. ‘చూస్తాను’, ‘ప్రయత్నిస్తాను’ అన్నవి వేళ చేరినా బలం లేనివే.

కనుక దిద్దుబాటులో నిర్దిష్టమైన వేళ ఉండాలి. ఆ వేళను ఆమె దినచర్యను బట్టి ఎంచాలి. ఆమె 6 గంటలకు ఇంటికి చేరుతుందని అతనికి తెలుసు, 6.30 అయితే ఆమెకు ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంటుంది. అది కుదరకపోతే మరో వేళను కూడా అతనే చూపాలి. రెండు వేళలు చాలు. ఐదారు చూపితే ఎంపికే ఒక పని అవుతుంది.

అంతటితో పోయిన గంట తిరిగి రాదు. రెండవ ఫోన్ మొదటిదానికంటె ఎక్కువ ప్రయోజనం చేకూరిస్తేనే ఆ లోటు కొంత తీరుతుంది. అసలు ఆ ఫోన్ దేనికో గుర్తుచేసుకుందాం: గట్టు ఎత్తు తేల్చడానికి. 32 అంగుళాలు, 34 అంగుళాలు అని ఫోన్‌లో చెబితే ఎవరికీ బొమ్మ కట్టదు. ఫోన్‌కు అరగంట ముందు ఒక మనిషి వెళ్లి, గోడ మీద ఆ రెండు ఎత్తుల దగ్గర టేపు అంటిస్తే, వంట చేసే ఇద్దరూ దాని ముందు నిలబడి, మోచేయి మడిచి చూసుకోవచ్చు. గట్టు మోచేతికంటె నాలుగు నుంచి ఆరు అంగుళాలు కిందుగా ఉంటే కూరలు తరగడం సుఖంగా ఉంటుందని వడ్రంగులకు తెలిసిన లెక్క. ఇప్పుడు ఆ ఫోన్ ఐదు నిమిషాలలో తేలుతుంది.

ఈ ఏర్పాటును సందేశంలో రాయకముందే ఖాయం చేసుకోవాలి. అతను ముందు తన సహాయకునికి ఫోన్ చేసి, సాయంత్రం 6 గంటలకు అతను ఆ ఇంటికి వెళ్లగలడా, టేపూ కొలబద్దా దగ్గరున్నాయా అని అడగాలి. దానికి పది నిమిషాలు పడుతుంది. 12.15కు ఖాళీ మాటలతో క్షమాపణ పంపడంకంటె 12.30కు ఖాయమైన ఏర్పాటుతో పంపడం మంచిది. ఏర్పాటు చేసుకోవడానికి గంటకు మించి పట్టేటట్లుంటే మాత్రం, ‘11 గంటలకు ఫోన్ చేయలేదు, క్షమించండి, మరో ఏర్పాటు చేసి 2 గంటలలోగా రాస్తాను’ అని ముందుగా ఒక ముక్క పంపాలి.

మన చేతిలో లేనిదానికి మాట ఇవ్వకూడదు. 6.30కు ఫోన్ చేయడం అతని చేతిలో ఉంది. గురువారం కోత మొదలుకావడం ఆమె నిర్ణయం మీద కూడా ఆధారపడింది. అందుకని దాన్ని షరతుతో రాయాలి: ‘ఎత్తు ఈ రాత్రికి ఖాయమైతే గురువారం కోత ఆగదు.’

7. సరిదిద్దిన సందేశం

*“మేడమ్ గారికి నమస్కారం. ఈ రోజు, మంగళవారం, ఉదయం 11 గంటలకు ఫోన్ చేస్తానని చెప్పి చేయలేదు. నాదే పొరపాటు, క్షమించండి. నా ఫోన్ కోసం ఆగి మీరు ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లవలసి వచ్చింది. ఈ సాయంత్రం 6.30కి నేనే ఫోన్ చేస్తాను. అంతకుముందు 6 గంటలకు మా మనిషి వచ్చి వంటగది గోడ మీద 32, 34 అంగుళాల దగ్గర టేపు అంటిస్తాడు. మీరు నిలబడి చూసుకోవచ్చు. ఎత్తు ఈ రాత్రికి ఖాయమైతే గురువారం కోత ఆగదు. 6.30 వీలుకాకపోతే రేపు, బుధవారం, ఉదయం 8కి చేస్తాను. ‘8’ అని రాస్తే చాలు.”*

నమస్కారం తరువాత వచ్చే మొదటి వాక్యంలోనే ఏ ఫోన్ గురించో ఉంది. ఫోన్ తెర మీద సందేశం పూర్తిగా విప్పకముందు కనిపించేది మొదటి పంక్తే కాబట్టి ఇది అవసరం. నాలుగవ వాక్యం ఆమెకు జరిగిన నష్టాన్ని పేరు పెట్టి చెబుతుంది. ‘అసౌకర్యం’ అన్న ఒక్క పదం దాచిన సంగతి అదే. మిగిలినదంతా దిద్దుబాటు. ఆమె ఏమీ రాయకపోయినా 6.30కు ఫోన్ వస్తుంది. వేళ మార్చాలంటే ఒక్క అంకె రాస్తే చాలు.

అలమరలకు అంటించే మైకా రంగుల విషయం ఇందులో లేదు. అది కూడా 11 గంటల ఫోన్‌లో మాట్లాడవలసినదే అయినా, కోతకు రంగుతో పనిలేదు. ఆగగలిగినదాన్ని ఆపితేనే సందేశం చిన్నదిగా ఉంటుంది.

8. వేళను రాయడం, ఇతర భాషలలో రాయడం

‘రేపు’, ‘ఈ రోజు’ అన్న మాటలు సందేశాన్ని రాసిన రోజును బట్టి అర్థమిస్తాయి. అర్ధరాత్రి దాటిన తరువాత చదివినవారికి అవి తారుమారవుతాయి. అందుకే ఆ మాట పక్కన వారం పేరు కూడా ఉండాలి. హిందీలో రాసేవారికి ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. ‘కల్’ అంటే నిన్న, రేపు రెండూ. వాక్యం పూర్తిగా ఉంటే క్రియను బట్టి తెలుస్తుంది కాని, ‘కల్ 11 బజే’ అన్న ముక్క ఒక్కటే ఉంటే తెలియదు.

వేళను అంకెలలో రాయాలి. హిందీ, ఉర్దూ మాట్లాడేవారితో నోటిమాటగా వేళ కుదుర్చుకునేటప్పుడు ‘డేఢ్ బజే’ అంటే ఒంటిగంటన్నర, ‘ఢాయీ బజే’ అంటే రెండున్నర. ఈ రెండూ కొత్తగా వచ్చినవారి చెవికి కలిసిపోతాయి. తప్పిన ఫోన్‌లలో కొన్నింటికి మూలం ఇక్కడే ఉంటుంది. మాట్లాడి కుదుర్చుకున్న వెంటనే ‘1.30’ అని అంకెలలో రాసి పంపితే ఆ గందరగోళం మొదలే కాదు.

కన్నడం మాట్లాడే ఖాతాదారుకు ఇంత పొడవుగా రాయనవసరం లేదు. ‘క్షమిసి మేడమ్. ఇవత్తు బెళిగ్గె 11 గంటెగె ఫోన్ మాడ్తీని అంత హేళి మాడలిల్ల, నన్నదే తప్పు. సంజె 6.30క్కె నానే మాడ్తీని’ అన్న మూడు వాక్యాలలో ప్రధానమైనదంతా వచ్చింది. ఇక్కడ కూడా ‘మాడలిల్ల’ అనే అనాలి. ‘మాడక్కె ఆగలిల్ల’ అంటే మన ‘కుదరలేదు’ లాంటిదే.

9. క్షమాపణ చాలని చోటు

ఫోన్ తప్పడం వల్ల ఖాతాదారుకు డబ్బు నష్టం కలిగితే పై సందేశం సరిపోదు. ఒక దుకాణదారుకు లెక్కలు రాసే వ్యక్తిని తీసుకుందాం. నెలవారీ GSTR-3B పత్రాన్ని మరుసటి నెల 20వ తేదీలోగా దాఖలు చేయాలి. కొన్ని కొనుగోలు బిల్లుల వివరాలు అడగడానికి 18వ తేదీ సాయంత్రం 4 గంటలకు ఫోన్ చేస్తానన్న లెక్కలవాడు చేయలేదు. దుకాణదారు 19, 20 తేదీలలో ఊరి ప్రయాణంలో ఉంటానని ముందే చెప్పాడు. పత్రం 21న దాఖలైంది.

పన్ను ఉన్న పత్రానికి ఆలస్య రుసుము కేంద్రానికి 25, రాష్ట్రానికి 25 చొప్పున రోజుకు 50 రూపాయలు. ఆలస్యంగా కట్టిన పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ కూడా ఉంటుంది. నగదుగా కట్టవలసిన పన్ను 36,500 రూపాయలైతే ఒక రోజు వడ్డీ 18 రూపాయలు. మొత్తం నష్టం 68 రూపాయలు. లెక్కలవాడు రాయవలసిన వాక్యం ఇది: *‘18న ఫోన్ చేయకపోవడం వల్ల మీకు పడిన రుసుము 50, వడ్డీ 18, కలిపి 68 రూపాయలు, వాటిని ఈ నెల నా రుసుములో తగ్గించుకుంటున్నాను.’* మొత్తం చిన్నదే. ‘నష్టం ఏమైనా ఉంటే చూసుకుందాం’ అన్న మాటను మాత్రం ఎవరూ లెక్క కట్టలేరు, కాబట్టి ఎవరూ నమ్మరు.

అదే ఖాతాదారుకు రెండవసారి ఫోన్ తప్పినా పాత సందేశాన్ని మళ్లీ పంపకూడదు. మరో వేళ చెప్పినా ఆమె ఇక నమ్మదు. అప్పుడు పద్ధతినే మార్చాలి: ఫోన్‌కు బదులు ఇంటికి వెళ్లి మాట్లాడతాననాలి, లేదా తన తరఫున మాట్లాడగల మరొకరిని చూపాలి.

10. అభ్యాసం

ఒక దర్జీ శుక్రవారం మధ్యాహ్నం 3 గంటలకు ఫోన్ చేసి, పెళ్లి జాకెట్టు చేతుల పొడవు అడుగుతానని చెప్పి, రాత్రి 8 దాకా చేయలేదు. ఆదివారం ఉదయం జాకెట్టు ఇవ్వాలి. కుట్టుపని శనివారం మధ్యాహ్నానికి మొదలుకావాలి. ఆమె రాసిన ఈ సందేశాన్ని సరిదిద్దండి:

*“సారీ అండి, ఇవాళ గిరాకీ ఎక్కువ ఉండడం వల్ల ఫోన్ చేయడం కుదరలేదు. రేపు వీలు చూసుకొని చేస్తాను.”*

సరిచూసుకోవడానికి ఒక నమూనా:

*“నమస్కారమండి. ఈ రోజు, శుక్రవారం, 3 గంటలకు ఫోన్ చేస్తానని చెప్పి చేయలేదు. నాదే పొరపాటు, మన్నించండి. మీరు ఇంతసేపు ఎదురుచూశారు. రేపు, శనివారం, ఉదయం 9 గంటలకు నేనే ఫోన్ చేస్తాను. ఈలోగా మీకు బాగా అమరిన పాత జాకెట్టు చేతి పొడవు, భుజం కుట్టు నుంచి అంచు దాకా, కొలిచి ఉంచండి. మధ్యాహ్నం 12 లోగా కొలత అందితే ఆదివారం ఉదయం 10కి జాకెట్టు ఇస్తాను. 9 వీలుకాకపోతే 11కి చేస్తాను. ‘11’ అని రాయండి.”*

మీరు రాసినదాన్ని దీనితో పోల్చేటప్పుడు పదాలు కలిశాయా అని చూడనవసరం లేదు. నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఏ ఫోన్ తప్పిందో మొదటి వాక్యం చెబుతున్నదా? క్రియకు కర్త ‘నేను’ అని తెలుస్తున్నదా? వారమూ వేళా అంకెలతో ఉన్నాయా? సందేశం అందినవారు ఏమీ రాయకపోయినా పని ముందుకు సాగుతుందా? నాలుగింటికీ అవునన్న జవాబు వస్తే ఆ సందేశాన్ని పంపవచ్చు.